కొత్త ఫోన్‌లోకి రాని చాట్

టెలిగ్రామ్ వాడేవాళ్లకు ఫోన్ మార్చడం పెద్ద పనిగా అనిపించదు. కొత్త ఫోన్‌లో యాప్ వేసుకుని, నంబర్ కొట్టి, వచ్చిన కోడ్ ఇస్తే చాలు. ఏళ్ల కిందటి గ్రూపు కబుర్లు, పోటీ పరీక్షల పీడీఎఫ్‌లు, ‘సేవ్డ్ మెసేజెస్’లో దాచుకున్న నోట్సు, ఆఖరికి సగం టైపు చేసి వదిలేసిన మెసేజ్ కూడా అక్కడ ప్రత్యక్షమవుతాయి. వాట్సాప్‌కు చేసినట్టు ముందుగా బ్యాకప్ తీసిపెట్టుకోవాల్సిన అవసరం లేదు.

అయితే అదే యాప్‌లో ‘సీక్రెట్ చాట్’ అని వేరే రకం సంభాషణ ఉంది. దాన్ని 2013లో, యాప్ మొదలైన ఏడాదే తెచ్చారు. మనం కోరి మొదలుపెడితేనే అది ఉంటుంది. మామూలు చాట్ దానంతట అది సీక్రెట్ చాట్‌గా మారదు. కొత్త ఫోన్‌లో లాగిన్ అయినప్పుడు ఈ రెండో రకం చాట్ రాదు. దానికి తోడు, అది రాలేదన్న మాట కూడా యాప్ చెప్పదు. చాట్ల జాబితాలో ఒక వరుస తగ్గుతుందంతే. ఎన్నో వరుసల మధ్య ఆ లోటు చాలామందికి తెలియదు, తెలిసేది ఆ చాట్‌లోని ఏదో ఒక వివరం అత్యవసరంగా కావాల్సి వచ్చిన రోజునే.

ఇందులో లోపం ఏమీ లేదు. సీక్రెట్ చాట్‌ను కట్టిన తీరే అది. ఎందుకలా కట్టారో తెలియాలంటే మెసేజ్ ఎక్కడ ఉంటుంది, దాన్ని తెరిచే తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది అన్న రెండు సంగతులూ చూడాలి.

మామూలు చాట్‌ను టెలిగ్రామ్ ‘క్లౌడ్ చాట్’ అంటుంది. మనం పంపిన మాట మన ఫోన్ నుంచి కంపెనీ సర్వర్ దాకా రహస్య లిపిలో వెళ్తుంది. దారిలో వైఫై యజమాని గానీ, టెలికాం కంపెనీ గానీ దాన్ని చదవలేరు. సర్వర్‌లో కూడా దాన్ని రహస్య లిపిలోనే దాస్తారు. కానీ ఆ లిపిని విప్పే తాళంచెవులు కంపెనీ దగ్గరే ఉంటాయి. వాటిని ముక్కలు చేసి వేర్వేరు దేశాల్లో ఉంచుతున్నామని టెలిగ్రామ్ చెబుతుంది. అలా ఎన్ని చోట్ల ఉంచినా అవి కంపెనీ చేతిలోవే, మన చేతిలోవి కావు. అందుకే మనం ఏ కొత్త ఫోన్ నుంచి వచ్చి ‘ఇది నేనే’ అని నిరూపించుకున్నా సర్వర్ వెంటనే చాట్లన్నీ విప్పి ఇవ్వగలుగుతుంది.

సీక్రెట్ చాట్‌లో తాళంచెవి సర్వర్ దాకా వెళ్లదు. రెండు ఫోన్లూ కలిసి దాన్ని అక్కడికక్కడే తయారు చేసుకుంటాయి. మధ్యలో ఉన్న సర్వర్‌కు చిక్కకుండా ఇద్దరూ ఒకే తాళంచెవికి చేరుకునే ఆ లెక్క నిజానికి హైస్కూలు గణితంతో అర్థమవుతుంది. దాని పేరు డిఫీ-హెల్‌మన్. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ దాన్ని ప్రచురించారు.

చిన్న అంకెలతో చేసి చూద్దాం. విజయవాడలో ఒక అక్క, డల్లాస్‌లో ఆమె తమ్ముడు ఉన్నారనుకుందాం. రెండు ఫోన్లకూ 5, 23 అనే రెండు అంకెలు తెలుసు. ఇవి రహస్యం కావు, సర్వరే ఇచ్చింది. అక్క ఫోన్ తనలో తాను 7 అనుకుంది, ఎవరికీ చెప్పలేదు. 5ను ఏడుసార్లు వేసి గుణిస్తే 78,125. దాన్ని 23తో భాగిస్తే శేషం 17. ఈ 17ను సర్వర్ ద్వారా తమ్ముడికి పంపింది. తమ్ముడి ఫోన్ తనలో తాను 3 అనుకుంది. 5ను మూడుసార్లు వేసి గుణిస్తే 125, 23తో భాగిస్తే శేషం 10. ఆ 10ని అక్కకు పంపింది.

ఇప్పుడు అక్క ఫోన్ తనకు వచ్చిన 10ని ఏడుసార్లు వేసి గుణిస్తుంది. కోటి వస్తుంది. 23తో భాగిస్తే శేషం 14. తమ్ముడి ఫోన్ తనకు వచ్చిన 17ను మూడుసార్లు వేసి గుణిస్తుంది. 4,913 వస్తుంది. 23తో భాగిస్తే శేషం 14. ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. సర్వర్ చూసింది 5, 23, 17, 10 మాత్రమే. 14 దాని కంట పడలేదు. ఇంత చిన్న అంకెలైతే వరుసగా ప్రయత్నించి ఎవరైనా కనిపెట్టేస్తారు. టెలిగ్రామ్ వాడేది 2048 బిట్ల సంఖ్య, అంటే ఆరు వందలకు పైగా అంకెలున్నది. అంత పెద్ద సంఖ్యతో వెనక్కి లెక్క కట్టడం ఇప్పుడున్న కంప్యూటర్లతో అయ్యే పని కాదు.

మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సింది ఆ 7 సంగతి. అది అక్క పాత ఫోన్‌లో పుట్టింది, అక్కడి నుంచి ఎక్కడికీ పోలేదు. దానితో వచ్చిన 14 కూడా ఆ ఫోన్‌లోనే ఉంది. అక్క కొత్త ఫోన్ కొని అదే నంబర్‌తో, అదే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయినా ఆ ఫోన్‌కు 7 తెలియదు, 14 తెలియదు. సర్వర్‌ను అడుగుదామంటే సర్వర్‌కూ తెలియదు. పైగా మెసేజ్‌ల చరిత్ర కూడా ఆ రెండు ఫోన్లలోనే ఉంటుంది. ఇవ్వడానికి క్లౌడ్‌లో కాపీ ఉండదు.

ఇక వీళ్లిద్దరికీ ఏం జరగవచ్చో చూద్దాం. అక్కాతమ్ముళ్లు రోజువారీ మాటలు మామూలు చాట్‌లో మాట్లాడుకుంటారు. నాన్నగారి బ్యాంకు లాకర్ వివరాలు, ఇంటి దస్తావేజుల ఫొటోలు మాత్రం సీక్రెట్ చాట్‌లో పంపుకున్నారు. సికింద్రాబాద్ వెళ్లే రైల్లో అక్క ఫోన్ పోయింది. మర్నాడు ఆమె కొత్త ఫోన్ కొని, అదే నంబర్‌కు డూప్లికేట్ సిమ్ తీసుకుంది.

యాప్‌లో నంబర్ కొట్టగానే అయిదంకెల లాగిన్ కోడ్ బయల్దేరింది. కానీ అది ఎస్సెమ్మెస్‌గా రాలేదు. ఇప్పటికే లాగిన్ అయి ఉన్న పరికరాల్లోని టెలిగ్రామ్ యాప్‌కే ఆ కోడ్ ముందు వెళ్తుంది. అక్క లాప్‌టాప్‌లో టెలిగ్రామ్ తెరిచి ఉంది కాబట్టి అక్కడ చూసి కొట్టింది. లాప్‌టాప్ లేకపోతే కష్టమయ్యేది. అప్పుడు కోడ్ వెళ్లేది పోయిన ఫోన్‌కే. ఎస్సెమ్మెస్ అడుగుదామన్నా, సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచాలని మన టెలికాం శాఖ 2022లో ఆపరేటర్లకు చెప్పింది. సిమ్ మోసాలను అడ్డుకోవడానికి పెట్టిన నియమం అది. ఫోన్ పోయినవాళ్లకు ఆ ఒక్క రోజూ చాలా పొడుగ్గా ఉంటుంది.

కోడ్ తరవాత, అక్క ముందే పెట్టుకున్న పాస్‌వర్డ్ అడిగింది. అది ఇవ్వగానే జాబితా నిండిపోయింది. తమ్ముడితో మామూలు చాట్ ఉంది, పైకి జరుపుతుంటే పాత మాటలు దిగుతూ వచ్చాయి. తాళం గుర్తు, ఆకుపచ్చ పేరు ఉండే వరుస మాత్రం లేదు. ఆమె లాప్‌టాప్‌లో వెతికింది. అక్కడ అసలెప్పుడూ లేదు. విండోస్, లైనక్స్‌లకు వచ్చే టెలిగ్రామ్ డెస్క్‌టాప్‌లో గానీ, బ్రౌజర్‌లో తెరిచే టెలిగ్రామ్‌లో గానీ సీక్రెట్ చాట్ల సౌకర్యమే లేదు. డెస్క్‌టాప్‌లో చాట్లన్నీ ఫైలుగా దింపుకునే సౌకర్యం ఉంది కానీ, అందులో కూడా క్లౌడ్‌లో ఉన్నవే వస్తాయి.

అవతల తమ్ముడి ఫోన్‌లో కథ వేరు. అతని జాబితాలో అక్క పేరుతో రెండు వరుసలున్నాయి. ఒకటి మామూలుది, రెండోది తాళం గుర్తున్నది. అతని దగ్గర పాత సీక్రెట్ చాట్ మొత్తం చదవడానికి వీలుగా అలాగే ఉంది. అక్క ఫోన్ పోయిన సంగతి పూర్తిగా తెలియక అతను అందులోనే ఇంకో కాగితం ఫొటో పంపాడు. ఒక టిక్ పడింది. రెండో టిక్ పడలేదు. ఆ మెసేజ్ వెళ్లాల్సింది అక్క అనే మనిషికి కాదు, ఆమె పాత ఫోన్‌కు. అది ఆఫ్ అయి ఎక్కడో ఉంది. అదే సమయంలో మామూలు చాట్‌లో అక్క ఆన్‌లైన్‌లో ఉన్నట్టు కనిపిస్తూనే ఉంది.

“ఏరా, కాగితం పంపుతానన్నావు, ఇంకా పంపలేదేం?”

“పొద్దున్నే పంపాను కదక్కా, నువ్వే చూడలేదు.”

ఇద్దరి మాటా నిజమే. ఇలాంటి చోటే అపార్థాలు పుడతాయి. మీరు సీక్రెట్ చాట్‌లో పంపినదానికి ఒక్క టిక్ దగ్గరే ఆగిపోయి, అదే మనిషి మామూలు చాట్‌లో జవాబులిస్తున్నారంటే వాళ్లు వేరే పరికరంలో ఉన్నారని అనుకోవచ్చు. ఫోన్ చేసి అడగడం ఉత్తమం. కొత్తగా లాగిన్ అయిన మనిషికి ‘మీ సీక్రెట్ చాట్లు పాత పరికరంలోనే ఉండిపోయాయి’ అని ఒక్క వాక్యం యాప్ చూపిస్తే ఈ చిక్కు సగం తీరుతుంది. చూపించకపోవడం సరికాదని నా అభిప్రాయం.

పోయిన ఫోన్‌లో ఉన్న చాట్‌ను ఏం చేయాలి? `Settings > Devices`లోకి వెళ్తే లాగిన్ అయి ఉన్న పరికరాలన్నీ కనిపిస్తాయి. అక్కడి నుంచి పాత ఫోన్‌ను తొలగించవచ్చు. అయితే ఇక్కడ ఒక అడ్డు ఉంది. కొత్తగా లాగిన్ అయిన పరికరం నుంచి 24 గంటలు గడిచేదాకా పాత పరికరాలను తొలగించడానికి వీలుండదు. దొంగ మీ ఖాతాలోకి చొరబడి మిమ్మల్నే బయటికి నెట్టేయకుండా పెట్టిన నియమం ఇది. అక్కకు లాప్‌టాప్ మళ్లీ ఆదుకుంది. అది పాత సెషన్ కాబట్టి అక్కడి నుంచి వెంటనే తొలగించగలిగింది. తొలగించిన ఫోన్ మళ్లీ ఇంటర్నెట్‌కు తగిలినప్పుడు లాగౌట్ అవుతుంది. లాగౌట్ అయితే అందులోని సీక్రెట్ చాట్లు పోతాయి. ఆ ఫోన్ ఇంటర్నెట్‌కు తగలకపోతే మాత్రం చాట్ దాంట్లోనే ఉంటుంది. అప్పుడు దానికి కాపలా ఫోన్ స్క్రీన్ లాక్, యాప్‌కు విడిగా పెట్టుకునే పాస్‌కోడ్ మాత్రమే. సీక్రెట్ చాట్ పెట్టుకునేవాళ్లు ఈ పాస్‌కోడ్‌ను తప్పక పెట్టుకోవాలి. సర్వర్‌లో ఏమీ లేకుండా చేసుకున్నాక, ఉన్నదంతా చేతిలోని ఫోన్‌లోనే ఉంటుంది మరి.

ఇంతదాకా సీక్రెట్ చాట్ రాకపోవడం మనకు నష్టంలాగే కనిపించింది. ఇదే లాగిన్‌ను అవతలి వైపు నుంచి చూడండి. కొత్త పరికరంలో మీకు ఏమేం కనిపిస్తాయో, మీ పేరుతో లాగిన్ కాగలిగిన ఇంకొకరికీ సరిగ్గా అవే కనిపిస్తాయి. క్లౌడ్ చాట్లు మిమ్మల్ని గుర్తుపట్టేది నంబర్‌తో, కోడ్‌తో. ఫలానా పోటీలో మా అమ్మాయికి ఓటేయండి అంటూ లింక్ పంపి కోడ్ రాబట్టే మోసాలు ఆ రెంటినే లక్ష్యం చేసుకుంటాయి. కోడ్ చేజారిందంటే అన్నేళ్ల సంభాషణలూ, ఫొటోలూ, ఫైళ్లూ అవతలి ఫోన్‌లోకి కొన్ని సెకన్లలో చేరతాయి. సీక్రెట్ చాట్ ఒక్కటి కూడా చేరదు.

మోసం లేకుండా కూడా ఇది జరగవచ్చు. మన దేశంలో వాడకుండా వదిలేసిన నంబర్‌ను కనీసం 90 రోజులు ఆగాక ఇంకొకరికి ఇస్తారు. డల్లాస్ వెళ్లిన తమ్ముడు హైదరాబాద్ నంబర్‌తో తెరిచిన టెలిగ్రామ్‌ను అలాగే వాడుతూ, ఆ సిమ్‌కు రీచార్జి చేయడం మానేశాడనుకోండి. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో ఇలా చేసేవాళ్లు ఎందరో. కొన్నాళ్లకు ఆ నంబర్ కరీంనగర్‌లో ఎవరికో వస్తుంది. అతను టెలిగ్రామ్ వేసుకుని తన నంబర్ కొడితే, తెరుచుకునేది తమ్ముడి ఖాతా. కోడ్ ముందు తమ్ముడి యాప్‌కే వెళ్తుంది కానీ, ఎస్సెమ్మెస్ కూడా అడగవచ్చు. అప్పుడది కరీంనగర్ ఫోన్‌కు వస్తుంది. అక్కడి మనిషి తప్పేమీ చేయలేదు, తన నంబర్ తాను వాడుకున్నాడు.

దీన్ని ఆపేది `Two-Step Verification` అనే అదనపు పాస్‌వర్డ్. అది ఉంటే కోడ్ ఒక్కటే సరిపోదు. పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి పొందడానికి ఈమెయిల్ కూడా ఇచ్చి పెట్టుకోవాలి. లేకపోతే కొత్త ఫోన్‌లో చిక్కుకున్నప్పుడు ఖాతాను మొదటి నుంచి తెరవడం తప్ప వేరే దారి ఉండకపోవచ్చు, అప్పుడు క్లౌడ్ చాట్లు కూడా పోతాయి. విదేశాలకు వెళ్లేవాళ్లు పాత సిమ్ వదిలేసే ముందే యాప్‌లో `Change Number`తో అక్కడి నంబర్‌కు మారిపోవడం ఇంకా మంచిది.

టెలిగ్రామ్ అన్ని చాట్లనూ సీక్రెట్‌గా ఎందుకు చేయలేదన్నది పాత ప్రశ్న. దాని వ్యవస్థాపకుడు పావెల్ దురోవ్ 2017లో జవాబు రాశాడు. ఇతర యాప్‌ల వాళ్లు తమ చాట్లను చివరికి గూగుల్, యాపిల్ క్లౌడ్‌లలో బ్యాకప్ పెట్టుకుంటున్నారనీ, అక్కడ ఆ రక్షణ ఉండటం లేదనీ అతని వాదన. జనానికి చరిత్ర పోకుండా ఉండాలి, దానికి క్లౌడ్ కావాలి, అతి రహస్యమైన వాటికి విడిగా సీక్రెట్ చాట్ ఉంది అన్నాడు. ఆ రోజుల్లో అందులో కొంత నిజముంది. వాట్సాప్ బ్యాకప్‌లకు పాస్‌వర్డ్‌తో గానీ, 64 అంకెల తాళంచెవితో గానీ తాళం వేసుకునే వీలు 2021లోనే వచ్చింది.

ఫేస్‌బుక్ మెసెంజర్ ప్రయాణం చూస్తే మధ్యదారి ఒకటుందని తెలుస్తుంది. 2016లో అది కూడా ‘సీక్రెట్ కాన్వర్సేషన్స్’ అంటూ కోరుకున్నవాళ్లకు మాత్రమే, మొదలుపెట్టిన పరికరానికే కట్టుబడిన చాట్లు తెచ్చింది. 2023 డిసెంబరు నుంచి ఇద్దరి మధ్య జరిగే మామూలు సంభాషణలనే అలా రహస్యం చేయడం మొదలుపెట్టింది. మరి కొత్త ఫోన్‌లోకి చరిత్ర ఎలా వస్తుంది? సర్వర్‌లో కాపీ ఉంటుంది కానీ తాళం వేసి ఉంటుంది, ఆ తాళం తీసేది మనం పెట్టుకున్న పిన్. అందుకే ఈ మధ్య మెసెంజర్‌లో కొత్తగా లాగిన్ అయితే పిన్ అడుగుతోంది. పాస్‌వర్డ్ సరిగ్గా ఇచ్చాం కదా, మళ్లీ ఇదేమిటని విసుక్కునేవాళ్లున్నారు. పాస్‌వర్డ్ మనమెవరో చెబుతుంది, పిన్ పాత మాటలను విప్పుతుంది. టెలిగ్రామ్ సీక్రెట్ చాట్‌లో ఈ రెండో మెట్టు లేదు. అందువల్ల అది గట్టిది, అందువల్లే ఫోన్‌తో పాటు పోతుంది.

పాత ఫోన్ ఇంకా చేతిలో ఉండగానే మార్చేవాళ్లు అక్క కంటే అదృష్టవంతులు. పాత ఫోన్‌ను చెరిపే ముందు, అమ్మే ముందు, యాప్ తీసేసే ముందు తాళం గుర్తున్న ప్రతి వరుసనూ తెరిచి చూడాలి. లాగౌట్ అయినా, యాప్ తీసేసినా అవి పోతాయి. గూగుల్ బ్యాకప్ మీదా, ఫోన్ నుంచి ఫోన్‌కు డేటా మార్చే యాప్‌ల మీదా ఆశ పెట్టుకోవద్దు. సీక్రెట్ చాట్‌లోంచి ఫార్వర్డ్ చేయడం కుదరదు, ఆండ్రాయిడ్‌లో స్క్రీన్‌షాట్ కూడా పడదు. కావాల్సిన వివరాలను చేత్తో కాగితం మీద రాసుకోవడమే నమ్మకమైన దారి. రాసుకున్నాక కొన్నాళ్లు రెండు ఫోన్లూ ఉంచుకోవచ్చు, టెలిగ్రామ్ రెండింటిలోనూ పనిచేస్తుంది.

ఫోన్ పోయినవాళ్లకు మిగిలేది అవతలి మనిషి. తమ్ముడు తన దగ్గరున్న పాత చాట్ తెరిచి ఫోన్‌లో చదివి వినిపించవచ్చు. తరవాత ఇద్దరూ కొత్త సీక్రెట్ చాట్ మొదలుపెట్టుకోవాలి. అక్క పేరు నొక్కి, ప్రొఫైల్‌లో పైనున్న మూడు చుక్కల్లో `Start Secret Chat` ఎంచుకోవాలి. ఆమె ఆన్‌లైన్‌లోకి వచ్చేదాకా ఎదురుచూస్తున్నట్టు చూపిస్తుంది, ఎందుకంటే ఆమె ఫోన్ కూడా తన రహస్య అంకె అనుకుని లెక్క పూర్తి చేయాలి. అక్కకు ఫోన్‌తో పాటు ట్యాబ్ కూడా ఉంటే, అభ్యర్థన రెండింటికీ వెళ్తుంది. ఏది ముందు అంగీకరిస్తే చాట్ దానిదే అవుతుంది, రెండోదానికి ఇక అందదు. పిల్లలు ఆడుకునే ట్యాబ్‌లో ఇంటి దస్తావేజుల చాట్ తెరుచుకోకూడదనుకుంటే, `Devices`లో ఆ ట్యాబ్ పేరు నొక్కి సీక్రెట్ చాట్లు స్వీకరించడాన్ని ముందే ఆపేయాలి.

చాట్ తెరుచుకున్నాక ఏదైనా పంపే ముందు ఒక పరీక్ష చేయాలి. మనం చూసిన లెక్కలో ఒక సందు ఉంది. మధ్యలో ఉన్న సర్వర్ 17నూ 10నీ ఉన్నవున్నట్టు చేరవేస్తుందన్న నమ్మకం మీదే అదంతా నడిచింది. సర్వర్ గనక తన అంకెలు పెట్టి పంపితే, అక్కకూ సర్వర్‌కూ మధ్య ఒక తాళంచెవి, సర్వర్‌కూ తమ్ముడికీ మధ్య ఇంకో తాళంచెవి తయారవుతాయి. అది మధ్యలో అన్నీ చదువుతుంది, వీళ్లకు తెలియదు. దీన్ని పట్టుకోవడానికే ప్రొఫైల్‌లో `Encryption Key` అని ఉంటుంది. నొక్కితే నీలి గళ్ల బొమ్మ, దాని కింద అక్షరాలూ అంకెలూ కలిసిన వరుసలు కనిపిస్తాయి. అవి తాళంచెవి నుంచే పుడతాయి కాబట్టి రెండు ఫోన్లలోనూ ఒకేలా ఉండాలి. వాటిని టెలిగ్రామ్‌లోనే పంపుకుని పోల్చుకుంటే ప్రయోజనం లేదు. అక్క మామూలు ఫోన్ కాల్ చేసి వరుసగా చదవాలి, తమ్ముడు తన తెర మీద చూసుకోవాలి. అన్నీ కలిస్తే లాకర్ వివరాలు మళ్లీ పంపుకోవచ్చు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ చాట్‌ను తొలగించి కొత్తది తెరవాలి.